ఒకే పేరు, ముప్పై స్పెల్లింగులు: డిస్క్రిప్షన్‌లో ఏవి రాయాలి?

ఈ ఎపిసోడ్ వీడియో చూసేవాళ్ళ కంటే వీడియో పెట్టేవాళ్ళకి ఎక్కువ పనికొస్తుంది. ఫోన్‌తోనే ఇంటర్వ్యూలు తీసి, ఫోన్‌లోనే ఎడిట్ చేసి, ఫోన్‌లోంచే అప్‌లోడ్ చేసే మన ఏజ్ వాళ్ళు చాలామంది ఉన్నారు కదా. వాళ్ళ దగ్గర్నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్న ఒకటుంది: "గెస్ట్ పేరు ఇంగ్లీషులో ఎలా రాయాలి? ఒక్కొక్కరు ఒక్కోలా టైప్ చేస్తున్నారు. అన్నీ పెట్టేయాలా?"

ముందు జవాబు చెప్పేస్తాను, తర్వాత ఎందుకో చూద్దాం. అన్నీ పెట్టక్కర్లేదు. ఒక్క అక్షరం అటూ ఇటూ అయిన స్పెల్లింగుల్ని సెర్చ్ చాలావరకు తనే సర్దుకుంటుంది. అది సర్దుకోలేనివి కొన్ని ఉంటాయి. అవి చూడ్డానికి పూర్తిగా వేరే పేర్లలా ఉంటాయి. డిస్క్రిప్షన్‌లో రాయాల్సింది వాటినే. మామూలుగా ఒక మనిషికి నాలుగైదు రూపాలు దాటవు.

ఇది చిన్న విషయం అనిపించొచ్చు. ఒక పెద్దాయన్ని కూర్చోబెట్టి గంటసేపు మాట్లాడించారనుకోండి, రంగస్థల నటుడో హరికథ చెప్పే ఆయనో. ఆయన గురించి నెట్‌లో ఉన్న ఒకే ఒక్క వీడియో మీదే కావచ్చు. పదేళ్ళ తర్వాత ఆయన మనవరాలు తనకి తెలిసిన స్పెల్లింగ్‌తో వెతుకుతుంది. ఆ వీడియో దొరకడం, దొరక్కపోవడం మీరు ఈరోజు రాసే రెండు లైన్ల మీద ఆధారపడి ఉంటుంది.

అసలు ఇన్ని స్పెల్లింగులు ఎందుకొస్తాయి?

తెలుగులో త, థ, ట వేర్వేరు అక్షరాలు. ఇంగ్లీషులో వీటికి ఉన్నవి t, th మాత్రమే. కొందరు త కి th రాసి, ట కి t ఉంచుకుంటారు. కొందరు త కి కూడా t నే రాస్తారు. అందుకే సావిత్రి గారి పేరు Savitri అనీ కనిపిస్తుంది, Savithri అనీ కనిపిస్తుంది. రెండూ తప్పు కాదు. ఒక్కొక్కరు ఒక్కో పద్ధతి ఎంచుకున్నారంతే.

దీర్ఘాలది ఇంకో గొడవ. ఈ-కారాన్ని ee అని రాసేవాళ్ళున్నారు, i తో సరిపెట్టేవాళ్ళున్నారు. అందుకే శ్రీ అనే ఒక్క అక్షరం Sri, Sree, Shri, Shree అని నాలుగు రకాలుగా తిరుగుతుంది. శ, ష, స మూడింటికీ s, sh రెండే దిక్కు. క్ష ని ksh అని రాస్తే Lakshmi, x తో రాస్తే Laxmi. మూర్తి అయితే Murthy, Murty, Moorthy, Murthi. చౌదరి గారి సంగతి ఇక చెప్పక్కర్లేదు.

ఒక పేరు తీసుకుని లెక్క వేద్దాం. పాటల రచయిత సిరివెన్నెల సీతారామశాస్త్రి గారు. ‘సీ’ ని See అనో Si అనో రాయొచ్చు, రెండు దారులు. ‘తా’ ని ta, tha అని రెండు రకాలు. ‘రామ’ దగ్గర గొడవ లేదు. ‘శాస్త్రి’ ని Sastry, Sastri, Shastry, Shastri అని నాలుగు రకాలు. రెండు రెళ్ళు నాలుగు, నాలుగు నాలుగులు పదహారు. పేరు మధ్యలో ఖాళీ ఇచ్చి Seetharama Sastry అని రాస్తారా, కలిపి Seetharamasastry అని రాస్తారా అంటే మళ్ళీ రెండింతలు. మొత్తం 32. ఇవన్నీ మనుషులు నిజంగా టైప్ చేయగలిగే రూపాలే.

32 స్పెల్లింగులూ డిస్క్రిప్షన్‌లో వరసగా పెడితే ఏమవుతుంది? ఫోన్‌లో వీడియో కింద డిస్క్రిప్షన్ మొత్తం కనిపించదు, నొక్కితేనే తెరుచుకుంటుంది. సెర్చ్‌లో కూడా బయటికి కనబడితే మొదటి ముక్కే కనబడుతుంది. అక్కడ పేర్ల జాబితా ఉంటే వీడియో దేని గురించో చూసేవాళ్ళకి తెలియదు. పైగా డిస్క్రిప్షన్‌లో ట్యాగుల్లాంటి మాటలు గుప్పించడం యూట్యూబ్ రూల్స్‌కి విరుద్ధం. దాన్ని వాళ్ళు స్పామ్ కింద చూస్తారు. కాబట్టి ఎంపిక చేసుకోక తప్పదు.

అక్షరం మారడం వేరు, పేరే మారడం వేరు

ఎంపికకి ఒకే ఒక్క తేడా గుర్తుపెట్టుకుంటే చాలు.

Savitri, Savithri పక్కపక్కన పెట్టి చూడండి. తెలుగు రాని మనిషికి చూపించినా "ఇవి రెండూ ఒకటేనేమో" అంటాడు. ఇది అక్షరం మారడం. సెర్చ్ కూడా ఇలాంటివి చాలాసార్లు పట్టుకుంటుంది, ముఖ్యంగా బాగా తెలిసిన వాళ్ళ పేర్ల విషయంలో.

ఇప్పుడు సంగీత దర్శకుడు కీరవాణి గారి పేరు చూడండి. తెలుగులో M. M. Keeravani. హిందీ సినిమాల్లో ఆయన పేరు M. M. Kreem. తమిళంలో Maragathamani. ‘నాటు నాటు’ కి 2023లో ఆస్కార్ అందుకున్నదీ, తొంభైల్లో హిందీ పాటలు చేసిన క్రీమ్ అనే ఆయనా ఒకరే అని తెలియనివాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఈ మూడు పేర్లలో అక్షరాలు చూసి ఒకటే మనిషి అని ఎవరూ చెప్పలేరు. ఇది పేరే మారడం. వీడియో ఆయన హిందీ పాటల గురించి అయితే M. M. Kreem అనే మాట డిస్క్రిప్షన్‌లో లేకపోతే పెద్ద లోటు. Keeravani లో a ఒకటా రెండా అన్నది దాని ముందు చిన్న విషయం.

పేరే మారడం అన్నది తెలుగులో ఎక్కువగా ఐదు రకాలుగా జరుగుతుంది. మొదటిది పొట్టి అక్షరాలు, ANR లాగ. రెండోది ముద్దుపేరు, కలం పేరు, తెర పేరు. మూడోది వేరే భాషలో స్థిరపడిన రూపం. నాలుగోది ఇంటిపేరు ముందా వెనకా అన్నది. మన అలవాటు ప్రకారం అక్కినేని నాగార్జున, ఇంగ్లీషులోకి వెళ్తే Nagarjuna Akkineni. ఐదోది లిపి. తెలుగు అక్షరాల్లో ఉన్న పేరూ, ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న పేరూ కంప్యూటర్‌కి రెండు వేర్వేరు మాటలు. పెద్ద స్టార్ల పేర్ల విషయంలో సెర్చ్ వీటిని కలుపుకోగలదు కానీ, మీ ఊరి కళాకారుడి పేరు విషయంలో కలుపుతుందని నమ్మకం పెట్టుకోకండి.

ఐదింట్లో నాలుగోది తేలిక. రెండు మాటలూ అవే కాబట్టి ఏ వరసలో రాసినా చాలావరకు దొరుకుతుంది. మిగతా నాలుగింటి మీద దృష్టి పెడదాం.

ఒక పేరు పూర్తిగా చేసి చూద్దాం: ఎస్పీ బాలు

అందరికీ తెలిసిన పేరు తీసుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. బాలు గారు ఒక్కో నటుడికి గొంతు ఎలా మార్చి పాడేవారు అని మీరొక ఎపిసోడ్ చేశారనుకుందాం. ఆయన పేరు ఎన్ని రూపాల్లో తిరుగుతోందో చూడండి.

తెలుగులో పూర్తి పేరు శ్రీపతి పండితారాధ్యుల బాలసుబ్రహ్మణ్యం. మామూలుగా రాసేది ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం. మనం ప్రేమగా పిలిచేది బాలు, ఎస్పీ బాలు. ఇంగ్లీషులో S. P. Balasubrahmanyam. తమిళనాడు వాళ్ళు రాసేది ఎక్కువగా S. P. Balasubramaniam. అందరూ పొట్టిగా టైప్ చేసేది SPB. ఇవి కాక Balasubramanyam, Bala Subramanyam, Balasubramanium అంటూ దారిలో దొరికేవి బోలెడు.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం గమనించండి. Balasubrahmanyam, Balasubramaniam అన్న రెండూ ఏదో చెయ్యి జారి వచ్చిన తేడా కాదు. తెలుగులో మనం ‘బ్రహ్మ’ అని హ తో రాస్తాం, అందుకని ఇంగ్లీషులో hm వచ్చింది. చివర ‘ణ్యం’ కాబట్టి nyam. తమిళంలో ఈ పేరు రాసేటప్పుడు ఆ హ ఉండదు, ‘మణియం’ అని విడదీసి రాస్తారు. అందుకని maniam. అంటే రెండు భాషల శ్రోతలు, రెండు స్థిరమైన రూపాలు. ఆయన రెండు భాషల్లోనూ వేల పాటలు పాడిన మనిషి కాబట్టి రెండో రూపంతో వెతికేవాళ్ళు కూడా చాలామంది ఉంటారు. దానికి డిస్క్రిప్షన్‌లో చోటు ఉండాలి.

Balasubramanyam సంగతి వేరు. అది తెలుగు రూపంలోంచి h జారిపోయిన రూపం. దాని వెనక వేరే శ్రోతలు లేరు. అది అక్షరం మారడం, పేరు మారడం కాదు. డిస్క్రిప్షన్‌లో దానికి చోటు అక్కర్లేదు.

పూర్తి పేరు ఎందుకు రాయాలి? ఎస్.పి. అన్నది ఆయన సొంత పేరు కాదు, ఇంటిపేరు. ఆయన చెల్లెలు ఎస్.పి. శైలజ గారు, కొడుకు ఎస్.పి. చరణ్ కూడా గాయకులే, ముగ్గురికీ ముందు అవే రెండు అక్షరాలు. కొత్తగా వినేవాళ్ళకి S. P. అంటే ఏమిటో తెలియదు కూడా. ఒక్కసారి పూర్తి పేరు ఉంటే ఆ ప్రశ్నకి జవాబు దొరుకుతుంది.

ఇంకోటి. తెలుగులో ఉత్త ‘ఎస్పీ’ అని వెతికితే జిల్లా పోలీసు ఎస్పీ వార్తలు వస్తాయి. ఉత్త ‘బాలు’ అంటే 2005లో వచ్చిన పవన్ కల్యాణ్ సినిమా ఒకటుంది. అందుకని పొట్టి పేరు ఎప్పుడూ రెండు ముక్కలూ కలిపి ‘ఎస్పీ బాలు’ అనే రాయాలి. పొట్టి పేరు ఎంత పొట్టిగా ఉంటే అంత ఎక్కువమందితో కలిసిపోతుంది.

ఇప్పుడు రాద్దాం. ముందు టైటిల్. యూట్యూబ్‌లో టైటిల్‌కి 100 అక్షరాలే హద్దు. అందులో రెండే రూపాలు పెడదాం, తెలుగు లిపిలో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి.

```
ఎస్పీ బాలు ఒక్కో హీరోకి గొంతు ఎలా మార్చేవారు? | S. P. Balasubrahmanyam
```

తర్వాత డిస్క్రిప్షన్.

```
గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం - SPB - ఒక్కో నటుడికి
తగ్గట్టు గొంతు ఎలా మార్చి పాడేవారో ఈ ఎపిసోడ్‌లో.

శ్రీపతి పండితారాధ్యుల బాలసుబ్రహ్మణ్యం, 1946-2020.
తమిళ శ్రోతలకు S. P. Balasubramaniam గా పరిచయం.
```

చూశారు కదా. జాబితా ఎక్కడా లేదు. ప్రతి రూపమూ ఒక మామూలు వాక్యంలో కూర్చుంది, చదివేవాళ్ళకి ఏదో ఒకటి చెబుతోంది. మొదటి లైన్లోనే ఎవరు, దేని గురించి అన్నది తెలిసిపోయింది. టైటిల్‌తో కలిపి ఆరు రూపాలు అయ్యాయి. బాలు గారు ఇన్ని భాషల మనిషి కాబట్టి ఒకటి ఎక్కువైంది. మామూలు గెస్ట్‌కి నాలుగు చాలు.

మరి Balasubramanyam లాంటివి? వాటికి ట్యాగ్స్ అనే పెట్టె వేరే ఉంది. వీడియో వివరాల్లో కిందకి వెళ్తే కనిపిస్తుంది, చూసేవాళ్ళకి బయట కనపడదు. ట్యాగ్స్ వల్ల మామూలుగా పెద్ద ఉపయోగం ఉండదని యూట్యూబ్ వాళ్ళే చెబుతారు. జనం తరచుగా తప్పు రాసే మాటలకి మాత్రం పనికొస్తాయని కూడా వాళ్ళే చెబుతారు. మన పేర్లకి సరిగ్గా సరిపోయే పని అది. మొత్తం 500 అక్షరాల వరకు పడుతుంది, కానీ మూడు నాలుగు రాసి ఆపండి.

```
SP Balasubramanyam, Bala Subramanyam, ఎస్పీ బాలసుబ్రమణ్యం
```

మూడోది తెలుగులోనే ఉంది, గమనించారా? తెలుగులో కూడా చాలామంది హ వదిలేసి ‘సుబ్రమణ్యం’ అని టైప్ చేస్తారు. అది వెతికేవాళ్ళ కోసం ట్యాగ్‌లో ఉండొచ్చు. డిస్క్రిప్షన్‌లో మాత్రం సరైన రూపమే ఉండాలి, ఎందుకంటే అక్కడ రాసింది చదివి ఇంకొకరు కాపీ చేసుకుంటారు.

గెస్ట్ ఎదురుగా ఉంటే పని ఇంకా తేలిక

బాలు గారి పేరుకి మనం పుస్తకాలు, క్యాసెట్లు చూసి నిర్ణయించాలి. గెస్ట్ మీ ఎదురుగా కూర్చుని ఉంటే అడిగేయొచ్చు. కానీ ఎలా అడుగుతున్నారన్నది ముఖ్యం.

"మీ స్పెల్లింగ్ చెప్పండి" అని నోటితో చెప్పించుకోకండి. i అన్నారో e అన్నారో, v నా b నా అన్నది ఫ్యాన్ హోరులో సరిగ్గా వినపడదు. మీ ఫోన్‌లో నోట్స్ తెరిచి చేతికివ్వండి. "సార్, మీ పేరు ఇంగ్లీషులో ఒకసారి, తెలుగులో ఒకసారి మీరే టైప్ చేయండి" అనండి. పెద్దవాళ్ళకి టైప్ చేయడం ఇబ్బంది అయితే కాగితం మీద రాయమనండి, ఫోటో తీసుకోండి. అర నిమిషం పని.

ఆ రాసిందే మెయిన్ రూపం. మీకు అది తప్పులా కనిపించినా దిద్దకండి. కొందరు కావాలనే ఒక a ఎక్కువ పెట్టుకుంటారు, సంఖ్యాశాస్త్రం చూసుకుని మార్చుకున్నవాళ్ళు సినిమా ఫీల్డ్‌లో చాలామంది ఉన్నారు. ఇంకొందరికి స్కూల్లో మాస్టారు రాసిన స్పెల్లింగ్ అలా ఉండిపోయింది. ఎలా వచ్చినా వాళ్ళ పుస్తకాల మీద, సినిమా టైటిల్స్‌లో, ఇన్‌స్టా ఐడీలో అదే ఉంటుంది. మీరు దిద్దితే మీ వీడియో ఒక్కటే వాళ్ళ మిగతా పనితో తెగిపోతుంది.

రెండో ప్రశ్న: "ఇంతకుముందు వేరే పేరుతో ఏమైనా వచ్చాయా?" చాలామంది దీనికి ఆసక్తికరమైన జవాబు చెబుతారు. పెళ్ళికి ముందు ఇంటిపేరుతో నాటకాలు వేశామనో, మొదటి రెండు కథలు కలం పేరుతో వచ్చాయనో. పేరే మారే రూపాలు ఇక్కడే బయటపడతాయి.

మూడో ప్రశ్న ఇంకా ముఖ్యం: "ఇందులో ఏది రాయొద్దు?" మన దగ్గర ఇంటిపేరు, పేరు చివర తోక చూసి కులం అంచనా వేసేస్తారు. అందుకే వాటిని కావాలని వదిలేసినవాళ్ళు ఉన్నారు. కలం పేరు వెనక ఉండిపోవాలనుకునేవాళ్ళూ ఉన్నారు. ఎక్కడో దొరికిన అసలు పేరు డిస్క్రిప్షన్‌లో పెడితే వ్యూస్ రావొచ్చేమో కానీ, అది వాళ్ళ నిర్ణయాన్ని మీరు కొట్టేసినట్టు. ఆధార్ కార్డులో ఉన్న పేరుతో మనకి పని లేదు. వాళ్ళు నలుగురిలో వాడుకునే పేరే మన పేరు.

పూర్తి పేరు రాస్తే ఇంకా గందరగోళం అయ్యే చోట

ఇప్పటిదాకా పూర్తి పేరు ఒకసారి రాయండి అన్నాను. అది పనిచేయని చోటు కూడా ఉంది.

నందమూరి తారక రామారావు. ఎవరు? తాతా అదే పేరు, మనవడూ అదే పేరు. NTR అని కుదించినా ఇద్దరే, విడదీసినా ఇద్దరే. ఇంగ్లీషులో Taraka, Tharaka అని ఎన్ని రకాలుగా రాసినా ఈ ముడి విడిపోదు, ఎందుకంటే ఇది స్పెల్లింగ్ సమస్య కాదు.

ఇక్కడ పని చేసేది పేరు పక్కన ఉండే మాట. పెద్దాయన గురించి అయితే ‘సీనియర్ ఎన్టీఆర్’, ‘1923లో పుట్టిన నటుడు, మాజీ ముఖ్యమంత్రి’ లాంటి మాట. మనవడి గురించి అయితే ‘జూనియర్ ఎన్టీఆర్’, Jr NTR, లేదా వీడియో ఏ సినిమా గురించో ఆ సినిమా పేరు. స్టార్లు కానివాళ్ళకి ఇది ఇంకా అవసరం. శ్రీనివాసరావు అనో లక్ష్మి అనో పేరుంటే రాష్ట్రమంతా వేలమంది ఉంటారు. ‘సురభి నాటక నటి’ అనో, ‘చేర్యాల నకాషీ చిత్రకారుడు’ అనో పక్కన ఒక మాట ఉంటే మనిషి దొరుకుతారు. వాళ్ళ పేరు స్పెల్లింగ్ తెలియనివాళ్ళు కూడా ఆ మాటతో వెతుకుతారు.

ఒక హెచ్చరిక. పేరు కలిసింది కదా అని వీడియోలో లేని స్టార్ పేరు కూడా పెట్టేయాలనిపిస్తుంది. అది చూసేవాళ్ళని మోసం చేయడమే. యూట్యూబ్ కూడా దాన్ని తప్పుదారి పట్టించే సమాచారం కింద లెక్కేస్తుంది, వీడియో తీసేయొచ్చు.

తెలుగు లిపిలో గొడవ ఉండదనుకుంటున్నారా?

ఉంటుంది. Mahesh అని ఇంగ్లీషులో ఒక్కటే. తెలుగులోకి వచ్చేసరికి మహేష్, మహేశ్ అని రెండు. సురేష్, సురేశ్. గణేష్, గణేశ్. సంస్కృతం ప్రకారం ‘ఈశ’ కాబట్టి శ సరైనది అనేవాళ్ళు ఉన్నారు, వాడుకలో ష ఎక్కువ. గెస్ట్ ఏది రాస్తే అదే మెయిన్, రెండోది ట్యాగ్స్‌లోకి.

పొట్టి అక్షరాలది ఇంకో సంగతి. ఎన్టీఆర్, ఎన్.టి.ఆర్., ఎన్టీయార్ మూడూ తిరుగుతున్నాయి. చుక్కలతో ఒకసారి, చుక్కలు లేకుండా ఒకసారి వచ్చేలా వాక్యాలు రాసుకుంటే చాలు. పైన బాలు గారికి అలాగే చేశాం. టైటిల్‌లో ‘ఎస్పీ’, డిస్క్రిప్షన్‌లో ‘ఎస్.పి.’.

మూడోది కంటికి కనపడనిది. రామ్‌చరణ్ అని కలిపి రాసేటప్పుడు మ్ కింద చ ఒత్తుగా పడిపోకుండా కీబోర్డులు మధ్యలో ఒక కనపడని అక్షరం పెడతాయి. దాన్ని ZWNJ అంటారు. అది లేకపోతే రామ్చరణ్ అని ఒత్తుతో కనపడుతుంది. ఖాళీ ఇచ్చి రామ్ చరణ్ అని రాస్తే మూడో రూపం. మామూలు ఫోన్ యూజర్ దాదాపు ఎప్పుడూ ఖాళీ ఇచ్చే టైప్ చేస్తాడు. అందుకే టైటిల్‌లో, డిస్క్రిప్షన్‌లో రెండు ముక్కల పేర్లని విడదీసి రాయడమే మేలు.

ఇది ట్రాన్స్‌క్రిప్ట్ పెట్టేవాళ్ళకి ఇంకా ముఖ్యం. యూట్యూబ్ సెర్చ్ అయితే కొంచెం సర్దుకుంటుంది. బ్రౌజర్‌లో ‘ఫైండ్ ఇన్ పేజ్’ కొట్టి వెతికితే అది అంత తెలివైంది కాదు. శ కి బదులు ష ఉంటే లేదనే చెబుతుంది. అందుకే ఒక ట్రాన్స్‌క్రిప్టులో ఒక మనిషి పేరు మొదటి నుంచి చివరి వరకు ఒకే రూపంలో ఉండాలి. మిగతా రూపాలన్నీ పైన పరిచయం లైన్లో ఒక్కసారి చెప్పేస్తే సరిపోతుంది.

పెట్టింది పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

అప్‌లోడ్ చేయకముందు ఒక పని చేయండి. యూట్యూబ్ సెర్చ్‌లో పేరు సగం టైప్ చేసి ఆగండి, కింద సలహాలు వస్తాయి. పేరున్న గెస్ట్ అయితే జనం ఎక్కువగా ఏ రూపంతో వెతుకుతున్నారో అక్కడే కనిపిస్తుంది. మీరు మెయిన్‌గా పెట్టిన రూపం అందులో లేకపోతే, అక్కడ కనిపించిన దాన్ని డిస్క్రిప్షన్‌లోకి తీసుకోండి.

పెట్టాక రెండు వారాలు ఆగండి. యూట్యూబ్ స్టూడియోలో ఆ వీడియో అనలిటిక్స్ తెరిచి, వ్యూస్ ఎక్కడి నుంచి వచ్చాయన్న చోట YouTube search మీద నొక్కండి. వెతికినవాళ్ళు టైప్ చేసిన మాటలు అక్కడ ఉంటాయి. మీరు ఊహించని స్పెల్లింగ్ ఒకటి పైన కనిపిస్తే దానికి చోటివ్వండి. మీరు ట్యాగ్‌లో పెట్టినది ఎవరూ టైప్ చేయకపోతే తీసేయండి. చూసేవాళ్ళు తక్కువగా ఉన్న వీడియోకి ఈ జాబితా ఖాళీగానో, ఒకటి రెండు మాటలతోనో ఉండొచ్చు. అప్పుడు తొందరపడి ఏమీ మార్చకండి.

మీ ఫోన్‌లో మీరే వెతికి "పైన వచ్చింది" అని సంబరపడకండి. మీరు చూసే వీడియోల్ని బట్టి మీకు ఫలితాలు మారతాయి. ఇన్‌కాగ్నిటో విండోలో వెతకండి, లేదా వేరేవాళ్ళ ఫోన్‌లో వెతికించండి. అక్కడా రాకపోతే ప్రతిసారీ స్పెల్లింగే కారణం అనుకోకండి. అదే మనిషి మీద పెద్ద ఛానెళ్ళ వీడియోలు వంద ఉంటే మీది కిందే ఉంటుంది, ఏ స్పెల్లింగూ దాన్ని పైకి లాగలేదు. వేరే వీడియోలు లేని మనిషి, పేరు సరిగ్గా కొట్టినా మీ వీడియో రావట్లేదు అంటే అప్పుడు అనుమానించండి. ఆ రూపం అసలు మీ టైటిల్‌లోనో డిస్క్రిప్షన్‌లోనో ఉందా అని ముందు అదే చూడండి.

చివరగా ఒక అలవాటు. ఫోన్‌లో ఒక షీట్ పెట్టుకోండి. గెస్ట్‌కి ఒక వరస. తెలుగు రూపం, వాళ్ళు రాసిన ఇంగ్లీషు రూపం, వేరే పేరు ఉంటే అది, పొట్టి పేరు, రాయొద్దన్నది. అదే గెస్ట్ ఏడాది తర్వాత మళ్ళీ వస్తే మొదటి ఎపిసోడ్‌లో Murthy, రెండో దాంట్లో Moorthy అయిపోకుండా ఉంటుంది. పాత వీడియోల డిస్క్రిప్షన్లు కూడా ఎప్పుడైనా మార్చుకోవచ్చు కాబట్టి, ఈ వారం ఒక పాత ఇంటర్వ్యూ తెరిచి అందులో గెస్ట్ పేరు తెలుగు లిపిలో ఉందో లేదో చూడండి. చాలా డిస్క్రిప్షన్లలో లేనిది అదే.